దుస్తులు మార్చే యాప్‌ల గురించి మా పిల్లలకు చెప్పిన మాటలు – తప్పులుంటే చెప్పండి

వంశధార_టీచర్ | శనివారం రాత్రి 8:40

మాది శ్రీకాకుళం. డిగ్రీ కాలేజీలో కంప్యూటర్స్ చెప్తాను. ఫోటోలో మనిషి వేసుకున్న బట్టలు మార్చేసే యాప్‌లు ఇప్పుడు ప్రతి ఫోన్లోనూ ఉన్నాయి కదా. వాటిని ఎలా వాడాలి, ఎక్కడ ఆగాలి అని మొన్న గురువారం మా పిల్లలకు ఒక పూట వర్క్‌షాప్ పెట్టాం. అందులో నలభై నిమిషాలు నేను మాట్లాడాను. వచ్చే నెల ఇంటర్ పిల్లలకు కూడా చెప్పమంటున్నారు. అందుకని చెప్పినది గుర్తున్నంతవరకు ఇక్కడ పెడుతున్నాను. తెలిసినవాళ్లు చదివి సరిదిద్దండి.

మాట్లాడింది దాదాపు ఇలా:

"పిల్లలూ, సంక్రాంతి పోస్టర్ సంగతి మీలో చాలామందికి తెలుసు. ఆ అమ్మాయిని అడిగి, సరేనన్నాకే చెప్తున్నాను. పేరు చెప్పను, మీరూ తవ్వకండి. పదకొండు మంది యూనిఫాంలో దిగిన గ్రూప్ ఫోటో అది. పండగ కదా, అందరికీ లంగా ఓణీ వేస్తే కళగా ఉంటుందని మనవాడొకడు యాప్‌లో పెట్టాడు. వాడు రాసింది రెండే మాటలు, half saree అని. చెడ్డ మాట ఒక్కటీ రాయలేదు. వచ్చిన బొమ్మలో ఒకమ్మాయికి చున్నీ ఉండాల్సిన చోట మెడ బాగా కిందికి దిగింది, నడుం కనిపించింది. ఆ పిల్ల చున్నీ రెండు వైపులా పిన్ను పెట్టుకుని వచ్చే పిల్ల. ఆమె చూసేసరికి పోస్టర్ నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. 'అది నా ఒళ్లు కాదు మేడమ్, కానీ ముఖం నాదే' అంది. మూడు రోజులు కాలేజీకి రాలేదు.

వాడికి చెడు ఉద్దేశం లేదని నేను నమ్ముతున్నాను. మరి ఆ నడుం ఎక్కడి నుంచి వచ్చింది? ఇది అర్థం చేసుకోండి. మీరు చొక్కా మీద వేలితో గీసి 'ఇది మార్చు' అన్నారనుకోండి, చాలా యాప్‌లు ఆ భాగాన్ని మొత్తం చెరిపేస్తాయి. దాని కింద ఏముందో వాటికి తెలియదు. మిగిలిన ముఖం, చేతులు చూసి, మీరు రాసిన మాట చూసి, అది నేర్చుకున్న ఫోటోల్లో అలాంటిచోట ఎక్కువగా ఏం కనిపించిందో దాన్నే ఊహించి గీస్తాయి. లంగా ఓణీ అంటే నడుం కనిపించే ఫోటోలే అది ఎక్కువగా చూసి ఉంటే, నడుమే గీస్తుంది. అంటే మీరు బట్టలు మార్చామనుకుంటారు, అది బట్టలతో పాటు ఒంటిని కూడా కొత్తగా గీస్తుంది.

నా ఫోటో మీదే చూపిస్తాను, చూడండి."

ఇక్కడ ప్రొజెక్టర్ మీద చూపించాను. బోర్డు పక్కన నిలబడి తీయించుకున్న ఫోటో. నేత చీర, మోచేతి దాకా జాకెట్టు, మెడలో కాలేజీ ఐడీ కార్డు. చీర వరకే గీసి పట్టుచీర అడిగాను. చీర బాగానే వచ్చింది. కానీ జాకెట్టు చేతులు సగానికి కురచయ్యాయి. ఐడీ కార్డు తాడు మంగళసూత్రంలో కలిసిపోయింది. నా కుడి ముంజేతి మీద చిన్నప్పుడు గంజి పడి కాలిన మచ్చ ఉంటుంది, అరంగుళం వెడల్పు. అది మాయమై నున్నటి చెయ్యి వచ్చింది. వెనక బెంచీలో కూర్చున్న అమ్మాయే దాన్ని ముందు పట్టుకుంది.

తర్వాత రెండు ఫోటోలనూ GIMP అనే ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టాను. అసలుది తెరిచి, ఎడిట్ చేసినదాన్ని File → Open as Layers తో దాని మీదకు తెచ్చి, లేయర్ Mode ని Difference చేస్తే చాలు. మారని చోటంతా నల్లగా ఉంటుంది, మారిన చోటు మాత్రమే వెలుగుతుంది. చీర వెలగడం మామూలే. చెయ్యి, మెడ, గడ్డం కింద కూడా వెలిగింది. నేను గీసింది చీర ఒక్కటే. పిల్లలు ఒక్కసారిగా సైలెంటయ్యారు.

"కాబట్టి నేను మీకు చెప్పేది ఇంతే. 'నీ ఫోటోకి డ్రెస్ మార్చనా' అని ముందు అడిగితే సరిపోదు. ఏం గీస్తుందో మీకే తెలియనప్పుడు ఆమె దేనికి ఒప్పుకున్నట్టు? బొమ్మ వచ్చాక ఆమెకు ఒక్కదానికే చూపించండి. వద్దంటే ఆమె ముందే తీసేయండి, ఎందుకని అడగకండి. పోస్టర్‌కి రంగు మారితే చాలనుకుంటే బట్ట మార్చే పనే లేదు. GIMP లో చున్నీ వరకు సెలెక్ట్ చేసి Hue-Saturation తో రంగు మార్చుకోండి. అది ఉన్న దారాల మీదే రంగు వేస్తుంది, కొత్తగా ఏమీ గీయదు."

నేను చెప్పింది ఇదీ. చట్టం గురించి ఐదు నిమిషాలు మాట్లాడాను కానీ అక్కడ నాకే కొంచెం తడబాటుగా ఉంది. ఇంటర్ పిల్లల దగ్గర తప్పు చెప్పకూడదు.

---

గంటస్తంభం_స్టూడియో | శనివారం రాత్రి 9:05

మేడమ్, మాది విజయనగరం. ఇరవై ఏళ్లుగా ఫోటో స్టూడియో నడుపుతున్నాను. బట్టలు మార్చడం కొత్తేమీ కాదండి. పాస్‌పోర్ట్ ఫోటోకి బనీనుతో వచ్చినవాళ్లకి కోటు, టై తగిలించి పంపడం మాకు రోజూ ఉండేదే. ఉద్యోగాల అప్లికేషన్ల సీజన్లో రోజుకి ముప్పై కోట్లు తొడిగేవాణ్ణి. ఎవరూ ఏడవలేదు. యాప్‌లను చూసి పిల్లల్ని ఇంత భయపెట్టాలా?

---

వంశధార_టీచర్ | శనివారం రాత్రి 9:22

గంటస్తంభం గారూ, మీ కోటు ఎక్కడిది? ఎవరో వేసుకున్న కోటు ఫోటోని కత్తిరించి దాచుకున్నదే కదా. దాన్ని మెడ కింద అతికిస్తారు. అది కప్పుతుందే తప్ప మనిషి ఒంటిని గీయదు. పైగా కస్టమర్ మీ పక్కనే కూర్చుని కంప్యూటర్‌లో చూస్తాడు, 'కాలర్ కొంచెం పైకి అన్నా' అంటాడు, నచ్చాకే డబ్బులిస్తాడు. నేను పిల్లల్ని చేయమన్నది అదేనండి, మీరు ఇరవై ఏళ్లుగా చేస్తున్నదే.

---

గంటస్తంభం_స్టూడియో | శనివారం రాత్రి 9:31

అది నిజమే. కస్టమర్ పక్కన లేకుండా కోటు ఎప్పుడూ వేయలేదు. కానీ మీ Difference పద్ధతిలో ఒక ఇబ్బంది ఉంది. ఫోటో వాట్సాప్‌లో తిరిగి వస్తే సైజు తగ్గిపోతుంది, క్వాలిటీ పడిపోతుంది. అప్పుడు రెండూ పక్కాగా ఒకదాని మీద ఒకటి కూర్చోవు. ముఖం అంచులు, జుట్టు అన్నీ వెలుగుతాయి. అది చూసి ముఖం కూడా మార్చేశాడని పిల్లలు గొడవ పెట్టుకుంటారు.

---

పిక్సెల్_పార్వతీపురం | శనివారం రాత్రి 10:14

స్టూడియో అన్న చెప్పింది కరెక్ట్. ఇంకోటి కూడా కలపాలి. నేను హైదరాబాద్‌లో ఇమేజ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తాను, ఊరు పార్వతీపురం. ఇలాంటి టూల్స్ చాలావరకు ఫోటో మొత్తాన్ని ఒకసారి కుదించి, మళ్లీ విప్పి ఇస్తాయి. అందుకే మీరు గీయని చోట కూడా పిసరంత తేడా ఉంటుంది. కొన్ని టూల్స్ చివర్లో అసలు ఫోటోలోని ముఖాన్ని తెచ్చి మళ్లీ అతికిస్తాయి, కొన్ని అలాగే వదిలేస్తాయి.

మీరు చూడాల్సింది తేడా ఉందా లేదా అని కాదు, ఎంత ఉంది అని. ఫోటో అంతటా మసకగా ఇసుక చల్లినట్టు ఉంటే అది కుదింపు వల్ల వచ్చింది. ఒకచోట గుర్తుపట్టగలిగే ఆకారంలో, మెడ గీతలాగో చెయ్యి అంచులాగో గట్టిగా వెలిగితే అక్కడ కొత్తగా గీసినట్టు. Difference పెట్టాక Merge Down చేసి Colors → Threshold తెరిచి, అందులోని జారుడు గీతను ముందు ఎడమ చివరకి తెచ్చి, అక్కణ్ణుంచి కుడివైపు మెల్లగా జరపండి. ఇసుక పోతుంది, గీసిన భాగం నిలుస్తుంది. మీ ముంజేతి మచ్చ దగ్గర తప్పకుండా నిలుస్తుంది, చూడండి.

అసలు ఫోటో చేతిలో లేకపోతే మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. అప్పుడు కంటితోనే వెతకాలి. భుజం మీద పడిన జుట్టు చివర్లు, వేళ్ల మధ్య సందులు, మెడలో గొలుసు బట్ట కిందికి వెళ్లే చోటు, వెనక అద్దం ఉంటే అందులోని ప్రతిబింబం. ఎక్కువగా తడబడేది అక్కడే. కానీ ఈ తడబాట్లు ఏడాదికేడాది తగ్గుతున్నాయి. 'తప్పు కనిపించలేదు కాబట్టి అసలుదే' అని మాత్రం పిల్లలకు చెప్పకండి.

---

నాగావళి_99 | శనివారం రాత్రి 10:40

నేను డిగ్రీ సెకండియర్. నాదొక డౌట్. నేను వాడే యాప్‌లో ఫోటో ఫోన్లోనే ఎడిట్ అవుతుంది, బయటికి పోదు అని రాసి ఉంది. ఎడిట్ చేసి, చూసి, డిలీట్ చేసేస్తే ఎవరికీ నష్టం లేదు కదా? ఎవరికీ పంపకపోతే కేసు కూడా ఉండదంటారు.

---

పిక్సెల్_పార్వతీపురం | శనివారం రాత్రి 10:52

తమ్ముడూ, మొదటిది నువ్వే టెస్ట్ చేసుకో. ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టు, వైఫై కూడా ఆఫ్ చెయ్. నీ ఫోటోనే పెట్టి చొక్కా మార్చమను. పని చేయకుండా తిరుగుతూ ఉంటే ఫోటో వాళ్ల సర్వర్‌కి పోతోందన్నమాట. అక్కడికి వెళ్లాక నీ ఫోన్లో డిలీట్ చేస్తే నీ ఫోన్లోదే పోతుంది. నెట్ లేకుండా కూడా పని చేస్తే ఫోన్లోనే జరుగుతున్నట్టు, అయినా తర్వాత నెట్ వచ్చినప్పుడు పంపదని ఈ టెస్ట్ చెప్పదు.

---

కోర్టు_వీధి | ఆదివారం ఉదయం 7:15

నమస్కారం. విజయనగరంలో అడ్వకేట్‌ని. నాగావళి తమ్ముడు అడిగిన రెండో ప్రశ్న చాలామందికి ఉండేదే. 'పంపకపోతే కేసు లేదు' అన్నది సగమే నిజం. ఆ మిగతా సగమే పిల్లలకు ప్రమాదం.

పెద్దవాళ్ల ఫోటో అయితే, ఐటీ చట్టం 67, 67ఎ సెక్షన్లు పట్టుకునేది ప్రధానంగా ప్రచురించడం, పంపడం. అసభ్యమైనదైతే మొదటిసారికి మూడేళ్ల దాకా, లైంగిక చర్య చూపేదైతే ఐదేళ్ల దాకా జైలు. అదే ఫోటోలో ఉన్నది 18 నిండని పిల్ల అయితే లెక్క వేరు. 67బి ప్రకారం అలాంటి అసభ్యమైన బొమ్మ తయారు చేయడమే నేరం, వెతకడం, డౌన్‌లోడ్ చేయడం కూడా. పోక్సో చట్టంలో 2019 సవరణ తర్వాత ఇచ్చిన నిర్వచనంలోకి మార్చి తయారు చేసిన బొమ్మ కూడా వస్తుంది. 'ఇది నిజం కాదు సార్, యాప్ గీసింది' అన్న మాట అక్కడ నిలబడదు.

ఇంటర్ పిల్లలు దాదాపు అందరూ 18 లోపే. డిగ్రీ ఫస్టియర్లోనూ పదిహేడేళ్ల పిల్లలు ఉంటారు. మేడమ్, వచ్చే నెల క్లాసులో ఈ ఒక్క సంగతి నిదానంగా చెప్పండి.

మీ సంక్రాంతి పోస్టర్ ఈ సెక్షన్ల కిందికి వస్తుందా అంటే, నడుం కనిపించినంత మాత్రాన రాదనే నా అభిప్రాయం. ఆ కుర్రాడి మీద కేసు పెట్టాల్సిన సందర్భం అది కాదు. కానీ ఆ పిల్లకు జరిగినది చిన్నదని నేను అనడం లేదు.

---

కళింగ_నాన్న | ఆదివారం ఉదయం 8:02

యూనిఫాం మార్చడం గురించి నేనూ చెప్పాలి. మా పాప స్కూల్లో రెండేళ్లలో రెండుసార్లు యూనిఫాం మార్చారు. ఒక్కో జతకి కుట్టుకూలితో కలిపి వెయ్యి దాటుతోంది. టీచర్లే పిల్లల బట్టల గురించి మాట్లాడుతున్నారంటే సంతోషం, ఈ సంగతి కూడా మీటింగ్‌లో పెట్టండి.

---

వంశధార_టీచర్ | ఆదివారం ఉదయం 8:20

కళింగ గారూ, మీ ఇబ్బంది నిజమైనదే, కానీ ఇక్కడ మాట్లాడుకుంటున్నది ఫోటోలో బట్టలు మార్చే యాప్‌ల గురించండి. మీకు పాప ఉంది కాబట్టి పై పోస్టులు ఒకసారి చదవండి.

కోర్టు వీధి గారూ, చాలా థాంక్స్. నేను తడబడింది సరిగ్గా అక్కడే. ఇంకొకటి చెప్పండి. ఇలాంటిది ఇప్పటికే గ్రూపుల్లో తిరుగుతుంటే ఆ పిల్ల ముందుగా ఏం చేయాలి? సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమని చెప్పాను.

---

కోర్టు_వీధి | ఆదివారం ఉదయం 9:10

1930 ప్రధానంగా డబ్బు పోయినప్పుడు వెంటనే ఆపించడానికి. ఫోటోల విషయానికి cybercrime.gov.in లో స్త్రీలు, పిల్లల కోసం విడిగా భాగం ఉంది. పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు. అయితే కేసు ముందుకు సాగాలంటే పేరుతో ఇవ్వడమే మేలు. పోలీస్ స్టేషన్‌కి వెళ్తే 'ఇది మా పరిధి కాదు' అంటే ఒప్పుకోకండి, సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ చట్టం 173 సెక్షన్ ప్రకారం ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి.

అందరూ చేసే తప్పు ఒకటుంది. 'చూడండి, ఇలా చేశారు' అని ఆ బొమ్మనే స్నేహితులకి, బంధువులకి, టీచర్లకి పంపుతారు. అలా చేయకూడదు. పిల్ల మైనర్ అయితే పంపినవాళ్లే చిక్కుల్లో పడతారు. ఎవరు పెట్టారో ఆ అకౌంట్ పేరు, లింకు, తేదీ, టైము కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పోలీసులకు చూపిస్తే చాలు. ఇన్‌స్టాగ్రామ్ లాంటిచోట ఉంటే అక్కడే రిపోర్ట్ కొట్టండి. నగ్నంగానో, మార్ఫింగ్ చేసో చూపే వాటిని బాధితులు ఫిర్యాదు చేసిన 24 గంటల్లోపు తీయాలని 2021 నాటి ఐటీ నిబంధనల్లో ఉండేది, 2026లో ఆ గడువును రెండు గంటలకు తగ్గించారు.

---

పిక్సెల్_పార్వతీపురం | ఆదివారం ఉదయం 9:34

దీనికి తోడు, బొమ్మ నగ్నంగా మార్చినదైతే StopNCII.org ఉంది, 18 దాటినవాళ్లకి. 18 లోపువాళ్లకి Take It Down. చాలామంది 'ఆ ఫోటో మళ్లీ ఎవరికో అప్‌లోడ్ చేయాలా' అని భయపడి ఆగిపోతారు. అప్‌లోడ్ చేయక్కర్లేదు. ఆ సైట్ మన ఫోన్లోనే ఫోటో నుంచి వేలిముద్ర లాంటి ఒక కోడ్ తీస్తుంది, ఆ కోడ్ మాత్రమే బయటికి వెళ్తుంది. అందులో చేరిన ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వంటి సంస్థలు ఆ కోడ్‌తో సరిపోయిన ఫోటోని ఆపుతాయి. వాట్సాప్ చాట్‌లో ఒకరి నుంచి ఒకరికి పోయేదాన్ని మాత్రం ఇది ఆపలేదు. ఫోటోని బాగా కత్తిరించినా, మార్చినా సరిపోలకపోవచ్చు.

---

పొందూరు_నేత | ఆదివారం మధ్యాహ్నం 1:15

మీరంతా పిల్లల గురించి చెప్తున్నారు. నా సంగతి వ్యాపారం, కానీ చదువుతుంటే నాక్కూడా తగిలింది. మాది పొందూరు, ఖద్దరు చీరలు అమ్ముతాం. మోడల్‌ని పెట్టే స్తోమత లేదు. మా మరదలు ఒక చీర కట్టుకుని ఫోటో దిగింది. ఆ ఒక్క ఫోటో మీద యాప్‌లో నలభై చీరలు మార్చి వాట్సాప్ కేటలాగ్ పెట్టాను.

ఒకావిడ చీర వెనక్కి పంపేసింది. 'ఫోటోలో నున్నగా ఉంది, ఇది గరుగ్గా ఉంది' అంది. నిజమే. మా దగ్గర పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు, చేత్తో వడుకుతారు. దారంలో సన్నం లావు తెలుస్తుంది, దాని అందం అదే. యాప్ ఆ దారాన్ని మిల్లు బట్టలా గీసేసింది. కొంగు మీద జాందానీ పువ్వుల్ని కూడా ఒక్కో ఫోటోలో ఒక్కో లెక్కన వేసింది.

మరదలి సంగతి ఇంకోటి. ఒక పెళ్లిలో ఎవరో 'ఏటమ్మా, నలభై చీరలు కట్టేసినావు' అన్నారట. ఆమె నవ్వేసి ఊరుకుంది గానీ, ఇంటికొచ్చి నాతో 'బావా, నేను కట్టింది ఒక్కటే' అంది. అప్పుడు నాకు అర్థం కాలేదు. మేడమ్ రాసింది చదివాక అర్థమైంది.

---

వంశధార_టీచర్ | ఆదివారం సాయంత్రం 5:48

మీరు ఇలా రాసినందుకు చాలా సంతోషంగా ఉందండి. ఇది మా పిల్లలకు చెప్తాను, మీ పేరూ ఊరూ లేకుండా.

నాకు తోచింది చెప్తాను. చీరను యాప్‌తో గీయించకండి. పొద్దున్న తొమ్మిదింటికి కిటికీ దగ్గర నీడలో చీరను బల్ల మీద పరిచి తీయండి. ఒక ఫోటో మొత్తం చీరది, ఒకటి జానెడు దూరం నుంచి దారం కనిపించేలా. కావాలంటే వెనక గోడను మాత్రం యాప్‌తో మార్చుకోండి. కట్టుకుంటే ఎలా ఉంటుందో చూపించాలంటే మరదలు నిజంగా కట్టుకున్న ఫోటో ఒక్కటి చాలు. యాప్‌తో మార్చిన ఆ నలభై ఫోటోలూ ఆమెకు చూపించి, ఉంచమన్నవి ఉంచి, వాటి మీద 'చీర ఎడిట్ చేసినది' అని ఫోటోలోనే తెలుగులో రాయండి. కింద రాస్తే ఫార్వర్డ్ చేసేటప్పుడు ఆ మాట పోతుంది.

---

పొందూరు_నేత | ఆదివారం సాయంత్రం 6:30

మొత్తం తీసేస్తున్నాను. మరదల్ని అడిగాను, రెండు ఉంచమంది. ఆ రెండు చీరలూ నిజంగానే కట్టుకుంటానంది. డబ్బులు కూడా ఇవ్వాలనుకుంటున్నాను, ఇంటి మనిషి తీసుకుంటుందో లేదో.

---

గంటస్తంభం_స్టూడియో | ఆదివారం రాత్రి 9:02

నిన్న నేను కొంచెం తేలిగ్గా మాట్లాడాను. ఇవాళ షాపులో ఒక పని ఒప్పుకోలేక ఆపి పెట్టాను, అది మీ ముందు పెడతాను. ఒకాయన వాళ్లమ్మ ఫోటో తెచ్చాడు. ఆవిడ పోయి పదకొండు రోజులు. ఉన్నది రేషన్ కార్డు కోసం తీసిన ఒకే ఒక్క ఫోటో, నేత చీరలో. పటం కట్టించడానికి పట్టుచీరలో చేసివ్వమన్నాడు. 'బతికుండగా ఒక్క పట్టుచీర కొనలేకపోయాను' అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఇలాంటివి ఏళ్లుగా చేస్తున్నాను. కానీ మీరు చెప్పినట్టు చూపించి అడగడానికి ఆవిడ లేదు. ఏం చేయమంటారు?

---

కోర్టు_వీధి | ఆదివారం రాత్రి 9:25

చట్టం వైపు నుంచి అయితే కొడుకు అడిగితే చేసివ్వడంలో ఇబ్బంది ఏమీ కనిపించడం లేదు.

---

ఉద్దానం_అక్క | ఆదివారం రాత్రి 9:50

మా అత్తగారి పటం అలాగే చేయించారు మా ఆయన. పట్టుచీర, మెడలో లేని కాసుల పేరు కూడా వేశారు. వచ్చినవాళ్లంతా బాగుందన్నారు. నాకు మాత్రం ఆ పటంలో ఆవిడ కనపడదు. ఆవిడకి నుదుటి మీద పెద్ద బొట్టు, చెంగు ఎప్పుడూ భుజం మీద నుంచి ముందుకి తెచ్చి దోపుకునేది. జీడితోటలో పనికి వెళ్లే మనిషి కదా. నాకే గనక అయితే నేత చీరలోనే ఉంచమంటాను. కానీ మా ఆయన రోజూ ఆ పటం ముందే నిలబడతారు, ఆయన్ని కాదనలేను.

---

వంశధార_టీచర్ | ఆదివారం రాత్రి 10:20

అక్కా, నేను కూడా దీనికి ఒక మాట చెప్పలేకపోతున్నాను. స్టూడియో గారూ, చేసేటట్టయితే చీర రంగు, అంచు మాత్రమే మార్చండి, Hue-Saturation తో అయ్యేంతవరకే. ముఖం, చేతులు, చెంగు కట్టిన తీరు ముట్టుకోకండి. నేత చీరకే జరీ అంచు అతికించడం మీకు యాప్ లేకుండానే వచ్చు. అసలు ఫోటో కూడా అదే సైజులో ప్రింటు వేసి ఇవ్వండి, ఏది గోడకి పెట్టుకుంటాడో ఆయన ఇష్టం.

---

గంటస్తంభం_స్టూడియో | సోమవారం మధ్యాహ్నం 12:35

రెండూ వేసి ఇచ్చాను మేడమ్. రెండు పటాలూ తీసుకెళ్లాడు. ఏది పెట్టాడో అడగలేదు.